మిల్క్ థిసిల్, సిలిమారిన్: లివర్ కోసం వాడేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరు కొత్తపేట ఆసుపత్రుల సందుల్లో ఏ మందుల షాపు ముందు కాసేపు నిలబడినా "లివర్ టాబ్లెట్ ఒక షీట్ ఇవ్వండి" అనే మాట వినపడుతుంది. చీటీ ఉండి అడిగేవాళ్లు కొందరు, పక్కింటివాళ్లు చెప్పారని అడిగేవాళ్లు ఇంకొందరు. వాళ్లకిచ్చే వాటిలో చాలావరకు సిలిమారిన్ ఉన్నవే. నేను ఫార్మసిస్టుని. మందు చేతికిచ్చేటప్పుడు జనం నన్ను అడిగేవి, అడగాల్సి ఉండి అడగనివి ఇక్కడ రాశాను. ఎక్కువ భాగం ఫ్యాటీ లివర్ గురించే ఉంటుంది. ఎందుకంటే ఇప్పుడు ఈ బిళ్ళలు ఎక్కువగా వెళ్లేది ఆ రిపోర్టుతో వచ్చేవాళ్లకే.

మిల్క్ థిసిల్, సిలిమారిన్ రెండూ ఒకటేనా?

మిల్క్ థిసిల్ అనేది మొక్క. మధ్యధరా సముద్రం చుట్టుపక్కల దేశాలది. నిండా ముళ్లు, ఊదా రంగు పువ్వు, ఆకుల మీద పాలు ఒలికినట్టు తెల్లటి చారలు ఉంటాయి. శాస్త్రీయ నామం సిలిబమ్ మరియానమ్. దాని గింజల నుంచి తీసిన సారమే సిలిమారిన్. ఇది ఒక్క రసాయనం కాదు, ఒకే కుటుంబానికి చెందిన కొన్ని పదార్థాల మిశ్రమం. అందులో సగానికి పైగా ఉండేది సిలిబిన్. దాన్నే సిలిబినిన్ అని కూడా రాస్తారు. 1960ల్లో జర్మనీలోని మ్యూనిక్‌లో దీన్ని వేరు చేశారు. అప్పటి నుంచి యూరప్‌లో మందుగా అమ్ముతున్నారు.

మన దగ్గర ఇది రెండు దారుల్లో దొరుకుతుంది. ఒకటి, మందుల కంపెనీలు చేసే 70 లేదా 140 మి.గ్రా. సిలిమారిన్ బిళ్ళ. రెండోది, ఆన్‌లైన్‌లో సీసాల్లో వచ్చే ఫుడ్ సప్లిమెంట్. ఈ రెండింటి మధ్య తేడా తెలియకే చాలామంది డబ్బు పోగొట్టుకుంటున్నారు.

మా పొలం గట్టు మీద ఉండే బ్రహ్మదండి ఇదేనా? గింజలు దంచి వాడొచ్చా?

కాదు. దయచేసి వాడకండి. మన వైపు బలురక్కసి, బ్రహ్మదండి అని పిలిచే ముళ్ల మొక్కకు కూడా ఆకుల మీద తెల్లటి చారలుంటాయి. ఫోనులో ఫొటో చూసి పోల్చుకునేవాళ్లు పొరబడేది అక్కడే. కానీ దాని పువ్వు పసుపు పచ్చన, కాడ విరిస్తే పసుపు పాలు కారతాయి. మిల్క్ థిసిల్ పువ్వు ఊదా రంగు, పసుపు పాలు రావు. బలురక్కసి గింజల నూనె విషం. 1998లో ఢిల్లీలో ఆవనూనెలో ఈ నూనె కలిసి ఒళ్లు వాచి, గుండె దెబ్బతిని జనం చనిపోయారు. లివర్ బాగుకోసం అని ఆ గింజలు మింగితే కోరి ఆపద తెచ్చుకున్నట్టే.

సీసా మీద 1000 మి.గ్రా. అని ఉంది. షాపులో బిళ్ళ 140 మాత్రమే. సీసాదే పవర్ ఎక్కువ కదా?

చాలాసార్లు లెక్క తిరగబడుతుంది. 1000 అనేది దేని బరువో చూడాలి.

మిల్క్ థిసిల్ గింజల్లో సిలిమారిన్ ఉండేది సుమారుగా నూటికి ఒకటిన్నర నుంచి మూడు పాళ్లు. కాబట్టి లేబుల్ మీద "సీడ్ పౌడర్ 1000 మి.గ్రా." అని ఉంటే మీకు అందేది 15 నుంచి 30 మి.గ్రా. సిలిమారిన్. అదే "ఎక్స్‌ట్రాక్ట్ 175 మి.గ్రా., 80 శాతం సిలిమారిన్" అని ఉంటే 140 మి.గ్రా. అందుతుంది. చిన్న అంకె ఉన్నదే అయిదింతలో, తొమ్మిదింతలో ఎక్కువన్నమాట.

ఇంకో రకం లేబుల్ ఉంది. "5000 మి.గ్రా. గింజలకు సమానం" అని పెద్ద అక్షరాల్లో వేస్తారు. సారం ఎంత, అందులో సిలిమారిన్ శాతం ఎంత అన్నది మాత్రం ఎక్కడా ఉండదు. శాతం రాయని సీసాను నేనైతే కొనను. వెనక్కి తిప్పి చూస్తే సప్లిమెంట్ల మీద "వైద్యానికి వాడేందుకు కాదు" అనే అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యం కూడా ఉంటుంది. మన ఆహార భద్రతా సంస్థ నిబంధన ప్రకారం అది వేయాల్సిందే. ముందువైపు లివర్ బొమ్మ, వెనకవైపు ఆ మాట. రెండూ చదివి కొనుక్కోండి.

గింజలు తెప్పించి టీలా కాచుకుంటే?

సిలిమారిన్ నీళ్లలో సరిగా కరగదు. టీలోకి దిగేది చాలా తక్కువ. వేడి నీళ్లు తాగిన తృప్తి దక్కుతుంది.

లోపలికి వెళ్లాక లివర్‌లో ఇది చేసే పనేమిటి?

ప్రయోగశాలలో కణాల మీద పోసి చూస్తే చాలానే చేస్తుంది. కణాన్ని దెబ్బతీసే ఆక్సీకరణను తగ్గిస్తుంది, వాపు సంకేతాలను తగ్గిస్తుంది, మచ్చ కట్టించే కణాలను నెమ్మదింపజేస్తుంది. ప్రకటనల్లో కనపడేదంతా ఇదే. అబద్ధమేమీ కాదు.

చిక్కు మోతాదులో ఉంది. గిన్నెలోని కణాలకు పోసినంత గాఢత మనిషి రక్తంలో ఉండదు. నోటితో మింగిన సిలిమారిన్ పేగు నుంచి కొద్దిగానే లోపలికి వెళ్తుంది. వెళ్లింది కూడా నేరుగా లివర్‌కే చేరుతుంది. లివర్ దానికి ఇంకో అణువు తగిలించి గబగబా పిత్తంలోకి తోసేస్తుంది. కొన్ని గంటల్లో ఖాళీ. ఈ లోటు పూడ్చాలనే ఫాస్ఫాటిడైల్‌కోలిన్ అనే కొవ్వు పదార్థంతో కలిపి కొన్ని కంపెనీలు అమ్ముతున్నాయి. దానితో రక్తంలోకి ఎక్కువ వెళ్లడం నిజమే. ఎక్కువ వెళ్లినంత మాత్రాన జబ్బు తగ్గినట్టు కాదు. అది వేరే పరీక్షలో తేలాలి.

సరే, ఫ్యాటీ లివర్‌కు పనిచేస్తుందా లేదా? మనుషుల మీద ట్రయల్స్ చేశారా?

చేశారు. చిన్నా పెద్దా చాలా ఉన్నాయి. ఎక్కువ వాటిలో లివర్ కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ అంకెలే చూశారు. కొద్ది నెలలు మందు ఇచ్చి, అంకె కొంచెం తగ్గిందని రాశారు. ఆ చిన్న ట్రయల్స్ అన్నీ కలిపి చూసినప్పుడు "తగ్గిస్తుంది" అనే ఫలితం వస్తుంది. కంపెనీ ప్రతినిధులు చూపించేది దాన్నే. కానీ రక్తంలో అంకె వేరు, లివర్ లోపల కొవ్వు, వాపు, మచ్చ వేరు. లోపలిది చూడాలంటే సూదితో చిన్న ముక్క తీసి పరీక్షించాలి. దాన్నే బయాప్సీ అంటారు. మందుకు ముందు, తర్వాత బయాప్సీ చేసిన ట్రయల్స్ రెండింటి గురించి వివరంగా చెప్తాను.

మొదటిది మలేషియాలో, కౌలాలంపూర్‌లో జరిగింది. 2017లో అచ్చయింది. ఫ్యాటీ లివర్ ముదిరి వాపు కూడా ఉన్న 99 మందిని తీసుకుని 49 మందికి సిలిమారిన్, 50 మందికి అచ్చం అలాగే కనపడే ఉత్తుత్తి బిళ్ళ 48 వారాలు ఇచ్చారు. మోతాదు చూడండి: పూటకు 700 మి.గ్రా., రోజుకు మూడు పూటలు, అంటే 2100 మి.గ్రా. మన షాపు బిళ్ళలు రోజుకు పదిహేను మింగినట్టు. కొవ్వు, వాపు స్కోరు కనీసం 30 శాతం తగ్గాలన్నది ముందే పెట్టుకున్న గురి. సిలిమారిన్ వాళ్లలో 16 మంది ఆ గురి అందుకున్నారు. ఉత్తుత్తి బిళ్ళ వాళ్లలో 13 మంది. ఆ తేడా యాదృచ్ఛికంగా కూడా రావచ్చు కాబట్టి అసలు గురిలో మందు నెగ్గలేదు.

అయితే అదే ట్రయల్‌లో ఆసక్తికరమైన విషయం ఒకటి బయటపడింది. లివర్‌లో మచ్చ తగ్గినవాళ్లు సిలిమారిన్ వైపు 11 మంది, ఉత్తుత్తి బిళ్ళ వైపు ముగ్గురే. ఇది చిన్న తేడా కాదు. కాకపోతే ముందుగా పెట్టుకున్న గురి తప్పాక పక్కన దొరికినదాన్ని ఇంకో పెద్ద ట్రయల్‌లో రుజువు చేసుకోవాలి. నాలుగైదు కొలతలు చూస్తే ఏదో ఒకటి అదృష్టం కొద్దీ బాగా కనపడటం మామూలే.

రెండోది అమెరికాలో జరిగింది, 2019లో అచ్చయింది. 78 మంది. కొందరికి పూటకు 420, కొందరికి 700, కొందరికి ఉత్తుత్తి బిళ్ళ, దాదాపు ఏడాది. లివర్ ముక్కలో చెప్పుకోదగ్గ మెరుగు ఏ గుంపులోనూ తేలలేదు. మనుషులు తక్కువ కాబట్టి ఇది కూడా ఆఖరి తీర్పు కాదు.

నా లెక్క ఇది: ఈ మందుకు ఫ్యాటీ లివర్‌లో ఆశ కొద్దిగా ఉంది, రుజువు లేదు. ఆ కొద్ది ఆశ కూడా రోజుకు 2100 మి.గ్రా. దగ్గర ఉంది, మీరు వేసుకునే 140 దగ్గర కాదు.

నేను మూడు నెలలు వాడాను. ఎస్‌జీపీటీ తగ్గింది. ఇది రుజువు కాదా?

నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. అందుకే ఒక లెక్క వేసి చూద్దాం.

మిర్చి యార్డు దగ్గర కమీషన్ కొట్టులో ఒక గుమాస్తా గారు ఉన్నారనుకుందాం. వయసు 46, బరువు 84 కిలోలు. సీజన్‌లో ఇంటికొచ్చేసరికి రాత్రి పదకొండు, అప్పుడు భోజనం, వారానికి రెండు రోజులు బీరు. హెల్త్ చెకప్‌లో ఎస్‌జీపీటీ 92, ఎస్‌జీఓటీ 54, ప్లేట్‌లెట్లు 2.1 లక్షలు, స్కానింగ్‌లో గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్ వచ్చింది. టెన్షన్ పట్టుకుంది. ఆన్‌లైన్‌లో "1000 మి.గ్రా." సీసా తెప్పించారు. బీరు మానేశారు. రాత్రి అన్నం తగ్గించి రెండు పుల్కాలకు వచ్చారు. మూడు నెలలకు ఎస్‌జీపీటీ 58, బరువు 80. సీసా గొప్పదని కొట్టులో అందరికీ చెప్పారు.

ఇప్పుడు విడదీద్దాం. సీసాలో ఉన్నది గింజల పొడి అయితే రోజుకు ఆయనకు అందింది మహా అయితే 30 మి.గ్రా. సిలిమారిన్. మలేషియా వాళ్లు ఇచ్చినదానిలో డెబ్బయ్యో వంతు. అంత ఇచ్చినా అక్కడ అసలు గురి నెగ్గలేదు. ఇంకోవైపు ఆయన 4 కిలోలు తగ్గారు, అంటే ఒంటి బరువులో దాదాపు 5 శాతం. లివర్‌లో కొవ్వు తగ్గడానికి అది సరిపోతుంది. బీరు మానడం ఒక్కటే కూడా అంకెను దించగలదు.

మూడో కారణం ఒకటి ఉంది, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఎస్‌జీపీటీ రోజురోజుకూ ఊగుతూ ఉంటుంది. ముందు రోజు బరువులు మోసినా, జ్వరం వచ్చి తగ్గినా, ఏదో మాత్ర వేసుకున్నా పెరుగుతుంది. మనం మందు మొదలుపెట్టేది అంకె బాగా పైకి ఊగి భయపడ్డ రోజున. కాబట్టి తర్వాతి పరీక్షలో ఏమీ చేయకపోయినా కిందికి రావడానికే అవకాశం ఎక్కువ. ఉత్తుత్తి బిళ్ళ మింగినవాళ్లలో కూడా మెరుగు కనపడేది అందుకే. ఆ గుంపును పెట్టుకోకుండా చేసిన ఏ పరీక్షనైనా, మీ సొంత అనుభవంతో సహా, నేను నమ్మను.

గుమాస్తా గారికి నిజంగా పనికొచ్చే లెక్క ఇంకొకటి ఉంది. అదే రిపోర్టులోని అంకెలతో ఇంట్లోనే వేసుకోవచ్చు. పేరు ఫిబ్-4:

(వయసు × ఎస్‌జీఓటీ) ÷ (ప్లేట్‌లెట్లు × √ఎస్‌జీపీటీ)

ప్లేట్‌లెట్లను వేలల్లో వేయాలి, 2.1 లక్షలంటే 210. ఆయన మొదటి రిపోర్టుతో వేస్తే పైన 46 × 54 = 2484. కింద 210ని 9.59తో గుణిస్తే సుమారు 2014. భాగిస్తే 1.23. ఈ అంకె 1.3 కన్నా తక్కువైతే లివర్‌లో ముదిరిన మచ్చ ఉండే అవకాశం తక్కువ. 2.67 దాటితే ఆ అవకాశం ఎక్కువ, లివర్ డాక్టరుకు చూపించుకోవాలి. మధ్యలో ఉంటే లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ చేయించమంటారు. 35 ఏళ్లలోపు వాళ్లకు ఈ లెక్క సరిగా పనిచేయదు. 65 దాటినవాళ్లకు 1.3 బదులు 2 దగ్గర గీత గీస్తారు. స్కానింగ్ గ్రేడ్ కన్నా, ఎస్‌జీపీటీ కన్నా ముందుగా తెలుసుకోవాల్సింది ఇది. ఎందుకంటే ఎస్‌జీపీటీ మామూలుగా ఉండి కూడా లోపల మచ్చ ముదిరినవాళ్లు ఉంటారు.

మరి ఏది పనిచేస్తుందని ఖాయంగా చెప్పొచ్చు?

బరువు తగ్గడం. క్యూబాలో 293 మందిని ఏడాది పాటు తిండి, నడక మార్పులతో ఉంచి ముందూ వెనకా బయాప్సీ చేశారు. 2015లో అచ్చయింది. ఒంటి బరువులో పదో వంతు లేదా ఇంకా ఎక్కువ తగ్గినవాళ్లలో నూటికి 90 మందికి వాపు జబ్బు పోయింది, 45 మందికి మచ్చ వెనక్కి తగ్గింది. ఇందులో ఉత్తుత్తి గుంపు లేదు, అది లోటే. అంత బరువు తగ్గగలిగింది పదిమందిలో ఒకరే, అది ఇంకా పెద్ద చిక్కు. గుమాస్తా గారికి పదో వంతు అంటే 8.4 కిలోలు. ఆయన సగం దూరం వచ్చేశారు. ఆ ఘనత సీసాకు కట్టబెట్టి రేపు పుల్కాలు మానేసి సీసా కొనసాగిస్తే ఏమవుతుందో మీరే చెప్పగలరు.

మందు తాగేవాళ్లకు లివర్ చెడకుండా కాపాడుతుందటగా?

తాగే ముందు ఒక బిళ్ళ వేసుకుంటే చాలని నమ్మేవాళ్లు ఉన్నారు. అందుకు ఆధారం లేదు.

తాగి తాగి సిర్రోసిస్, అంటే లివర్ అంతా మచ్చ కట్టి గట్టిపడే జబ్బు, వచ్చినవాళ్ల మీద మాత్రం రెండు ముఖ్యమైన ట్రయల్స్ ఉన్నాయి. అవి ఒకదానికొకటి ఎదురు చెప్తాయి. 1989లో అచ్చయిన వియన్నా ట్రయల్‌లో సిర్రోసిస్ ఉన్న 170 మందికి రోజుకు 420 మి.గ్రా. లేదా ఉత్తుత్తి బిళ్ళ ఇచ్చారు. నాలుగేళ్లకు బతికి ఉన్నవాళ్లు మందు వైపు 58 శాతం, ఉత్తుత్తి బిళ్ళ వైపు 39 శాతం. సిలిమారిన్‌కు పేరు తెచ్చింది ఈ ఒక్క ఫలితమే. ఆ తర్వాత 1998లో స్పెయిన్ వాళ్లు తాగుడు వల్లే సిర్రోసిస్ వచ్చిన 200 మందికి రోజుకు 450 మి.గ్రా. రెండేళ్లు ఇచ్చి చూశారు. మందు వేసుకున్నవాళ్లలో 15 మంది, వేసుకోనివాళ్లలో 14 మంది చనిపోయారు. తేడా లేదు.

వైద్య ట్రయల్స్‌ను సమీక్షించే కోక్రేన్ సంస్థ 2007లో అప్పటికున్న 18 ట్రయల్స్, 1088 మంది రోగుల లెక్కలు కలిపి చూసింది. పకడ్బందీగా చేసినవాటిని మాత్రమే తీసుకుంటే మరణాలు తగ్గిన జాడ లేదు. మేలంతా పకడ్బందీగా చేయనివాటి నుంచే వచ్చింది. తాగుడు మానకుండా ఈ బిళ్ళను నమ్ముకున్నవాళ్లకు నేను చెప్పేది ఇదొక్కటే.

హెపటైటిస్ సి ఉంది. వాడొచ్చా?

2012లో అమెరికాలో 154 మంది మీద చేసిన ట్రయల్ దీన్ని దాదాపు తేల్చేసింది. పూటకు 420, పూటకు 700, ఉత్తుత్తి బిళ్ళ అని మూడు గుంపులు, 24 వారాలు. ఎస్‌జీపీటీ అనుకున్నంత తగ్గినవాళ్లు ప్రతి గుంపులోనూ ఇద్దరిద్దరే. పైగా ఇప్పుడు హెపటైటిస్ సికి మూడు నెలల్లో నూటికి 95 మందికి పైగా నయం చేసే మాత్రలు మన దగ్గరే దొరుకుతున్నాయి. వాటిని వాయిదా వేసి మూలికల చుట్టూ తిరగడం శుద్ధ దండగ. హెపటైటిస్ బి వాళ్లు కూడా అంతే, వైరస్ మందు ఎప్పుడు మొదలుపెట్టాలో లివర్ డాక్టరుతో తేల్చుకోవాలి.

విషపు పుట్టగొడుగులు తిన్నవాళ్లకు ఇదే ఇస్తారని చదివాను. అంత పవర్ ఉన్నది మనకెందుకు పనిచేయదు?

మంచి ప్రశ్న. యూరప్‌లో డెత్ క్యాప్ అనే పుట్టగొడుగు తిన్నవాళ్లకు సిలిబినిన్‌ను ఇంజెక్షన్‌గా ఇస్తారు. కిలో బరువుకు రోజుకు 20 మి.గ్రా. చొప్పున, నేరుగా నరంలోకి. ఆ విషం లివర్ కణంలోకి వెళ్లడానికి వాడుకునే ద్వారాన్ని అది మూసేస్తుంది. అక్కడ కూడా చీటీలు తీసినట్టు రోగులను రెండు గుంపులు చేసి పరీక్షించలేదు. ప్రాణం మీదికొచ్చినవాడికి ఉత్తుత్తి మందు ఎవరిస్తారు? ఫ్యాటీ లివర్‌లో అలా బయట నుంచి దూరే విషం లేదు, మూయాల్సిన ద్వారమూ లేదు. బిళ్ళతో రక్తంలో అంత మోతాదు కూడా రాదు.

టీబీ మందులతో పాటు రాస్తున్నారు కదా?

కొందరు రాస్తారు. ముందు జాగ్రత్తగా ఇస్తే లివర్ దెబ్బ తగ్గుతుందని కొన్ని ట్రయల్స్, తగ్గదని కొన్ని చెప్పాయి. మీరు చూసుకోవాల్సింది వేరే ఉంది. టీబీ కోర్సులో ఉండగా ఆకలి చచ్చిపోయి, వికారంగా ఉండి, మూత్రం ముదురు పసుపుగా వస్తే ఆ రోజే మందులిచ్చే కేంద్రానికి వెళ్లండి. సిలిమారిన్ వేసుకుంటున్నాం కదా అని ఆగకండి.

సైడ్ ఎఫెక్ట్స్ ఉన్నాయా?

ఈ మందుకు ఉన్న మంచి పేరు ఇక్కడ నిజమే. ట్రయల్స్‌లో ఇబ్బందులు ఉత్తుత్తి బిళ్ళతో సమానంగానే వచ్చాయి. కొందరికి విరేచనాలు కాస్త పలచగా అవుతాయి, గ్యాస్ పడుతుంది.

ఎలర్జీ ఒకటి చూసుకోవాలి. ఇది చామంతి, బంతి, పొద్దుతిరుగుడు కుటుంబానికి చెందిన మొక్క. మన ఖాళీ స్థలాల నిండా పెరిగే వయ్యారిభామ కూడా ఆ కుటుంబమే. వయ్యారిభామ తగిలితే దద్దుర్లు, తుమ్ములు వచ్చేవాళ్లు దీన్ని మొదలుపెట్టకపోవడం మంచిది. గుండె వాల్వు మార్చుకుని వార్‌ఫరిన్ వాడేవాళ్లు డాక్టరుకు చెప్పకుండా వేసుకోకూడదు, రక్తం పలచబడే లెక్క మారవచ్చు. షుగర్ కొద్దిగా తగ్గిస్తుందని కొన్ని ట్రయల్స్‌లో కనపడింది, కాబట్టి షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు మొదటి వారాల్లో పరీక్ష చేసుకుంటూ ఉండాలి. గర్భిణులకు నేను ఇవ్వను.

కామెర్లకు పోసే పసరు కన్నా ఇది నయమేనా?

ఏ ఆకులో, ఎంతో తెలియని పసరు కన్నా నయమే. కానీ కళ్లు పచ్చబడ్డాక రెండూ వద్దు. ముందు బిలిరుబిన్, రక్తం గడ్డకట్టే సమయం చూసే పీటీ పరీక్షలు చేయించి కారణం తెలుసుకోవాలి. పిత్తనాళంలో రాయి అడ్డుపడి వచ్చిన కామెర్లు ఏ బిళ్ళకూ తగ్గవు.

డాక్టరు గారే రాశారు. ఇదంతా చదివాక ఆపేయాలా?

మీ అంతట మీరు ఆపక్కర్లేదు, అలా వేసుకోవడం వల్ల పెద్ద నష్టమూ లేదు. తర్వాత చూపించుకోవడానికి వెళ్లినప్పుడు రెండు మాటలు అడగండి: "నాకు ఇది ఎన్నాళ్లు, దేన్ని చూసి ఆపుతారు?" గడువు లేకుండా ఏళ్ల తరబడి అదే చీటీ చూపించి కొంటున్నవాళ్లు నాకు చాలామంది తెలుసు. వాళ్లలో కొందరు ఫిబ్-4 లెక్క ఒక్కసారి కూడా వేయించుకోలేదు. రిపోర్టు చూపించమని అడిగితే రెండేళ్ల కిందటిది తీస్తారు. సీసా కొనే ముందు ఆ డబ్బుతో ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ, ప్లేట్‌లెట్లు కొత్తగా చేయించుకోండి. పరీక్షకు ముందు రోజు బరువులు మోయకండి, మద్యం ముట్టకండి.